బస్తాల వలీ కూర్చిన పుస్తకం

వరంగల్ స్టేషన్ రోడ్డులో అతన్ని అందరూ బస్తాల వలీ అనేవాళ్లు. రైలుకెక్కే మిర్చి బస్తాల మీద రేకు అచ్చు పెట్టి, నల్లరంగు పూసి, దుకాణం పేరు కొట్టడం అతని పని. ఆ రంగు గోళ్లలోంచి ఎన్నడూ పోలేదు. సాయంత్రం అవే వేళ్లతో మా గ్రంథాలయానికి వచ్చి పుస్తకం అందుకోబోతే "ముందు చేతులు కడుక్కో" అని రోజూ అరిచేవాణ్ని. తాళంచెవులు నా దగ్గరుండేవి. ఆమాత్రం దర్జా చూపకపోతే ఈ మొగిలిని ఎవరు లెక్కచేస్తారు?

యుద్ధం ఇంకా నడుస్తున్న ఏడాది, మన ఊళ్ల వాళ్లు రాసినవన్నీ కలిపి ఒక పుస్తకం వేద్దామని మా కమిటీ అనుకుంది. కమిటీ పెద్ద కిషన్ రావు వకీలు. పుస్తకం తెస్తామని అందరికీ ఆయన మాట ఇచ్చాడు, పని మాత్రం వలీ నెత్తిన పెట్టాడు. తెలుగు చదవడంలో అతన్ని మించినవాడు మాలో లేడు, అది నేనూ ఒప్పుకుంటాను.

వలీ మొట్టమొదట చేసిన పని, రచన పంపినవాళ్లు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం రాయడం. అందులో ఇలా ఉంది: ఈ రచన నా సొంతం. దీన్ని ఒక్కసారి అచ్చు వేసుకోవడానికి ఒప్పుకుంటున్నాను, ఆ తర్వాత హక్కు నాదే. నన్నడగకుండా మాట మార్చకూడదు. నేను చెప్పిన పేరే వేయాలి. నాకు రెండు ప్రతులివ్వాలి. కింద సంతకం.

"దోస్తుల నడుమ గిన్ని కాయితాలెందుకు వలీ?" అన్నాను.

"దోస్తులం గనుకనే అన్నా. రేపు పుస్తకం జూసి ఎవ్వరు మొకం మాడ్సుకోవద్దు."

వర్ధన్నపేట నుంచి, పాలకుర్తి నుంచి, రఘునాథపల్లి నుంచి కాగితాలు వచ్చాయి. పద్నాలుగు ఎంచారు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని గొడవ రాకుండా, వచ్చిన వరసలోనే వేస్తామన్నాడు వలీ. అక్షర దోషాలు తనే దిద్దేవాడు. మాట మార్చాల్సి వస్తే మాత్రం, "సందేహం" అని ఒక చీటీ మీద రాసి పంపి, జవాబు అదే చీటీ మీద తెప్పించుకునేవాడు. వకీలు గారి పద్యాలు మరీ పొడుగైతే ఆయనకూ చీటీ వెళ్లింది. ఆయన మూడు రోజులు అలిగి, నాలుగో రోజు తనే ఆరు పద్యాలు కొట్టేశాడు. అప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మామిడికాయ తొక్కు, అదే పచ్చడి, పెట్టే రోజుల గురించిన ముచ్చట. చదువుతుంటే నవ్వొచ్చేది, నోరూరేది. బట్టల దుకాణం శ్రీనివాస్ సేటు కవరులో వచ్చింది. కాగితం మీద పేరు లేదు, కవరు మీద దుకాణం పేరుంది. వలీ అంగీకార పత్రం దుకాణానికే పంపితే, సేటు గద్దె మీద కూర్చునే సంతకం గీకి పంపాడు. అతను రైలు రసీదులు కూడా అలాగే చదవకుండా గీకుతాడని బజారంతటికీ తెలుసు.

ఆ ముచ్చటలో ఒకచోట తొక్కు మూడో రోజు కలుపుతారని, ఇంకోచోట నాలుగో రోజని ఉంది. చీటీ వెళ్లింది. "జర ఆగు, లోపల అడిగొస్త" అని సేటు దుకాణం వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లాడట. జవాబు వచ్చింది: మూడో రోజే. వలీ దిద్దాడు. ప్రెస్సువాళ్లు ఆ పేజీలున్న ఫారం మూడు వందల ప్రతులు కొట్టేశారు. తొక్కు ముచ్చట కింద శ్రీనివాస్ అని పేరు పడింది.

ఆ వారం వలీ ఒక్కొక్కరి కాగితాలను ఒక్కొక్క దారంతో కట్టిపెడుతూ, ఉన్నట్టుండి ఆగిపోయాడు. రచన, చీటీ, పత్రం నా ముందు పరిచాడు. రచన రాసిన చెయ్యే చీటీ మీద జవాబు రాసింది. పత్రం మీద సంతకం వేరే చెయ్యి.

"బస్తా మీద దుకాణం ముద్ర జూసి, పంట గూడ దుకాణందే అనుకున్ననన్నా. పొద్దుగాల లేస్తె చేసే పని గదే గదా" అన్నాడు.

మర్నాడు ఇద్దరం సేటు ఇంటికి వెళ్లాం. సంగతి చెప్పగానే సేటు నవ్వేశాడు. "నా ఇంటామె రాసిందే. ఆమె పేరు బజార్ల ఎందుకని నా పేరు పెట్టిన. ఇందుల ఫికర్ పడేది ఏమున్నది?"

తలుపు వెనక నుంచి సేటు భార్య సరస్వతమ్మ గొంతు వినిపించింది. "వలీ అన్నా, ఎవరి పేరు వెయ్యాల్నో రాసినోళ్లు చెప్పాలె అని మీ కాయితంల ఉన్నదట గదా. నన్నెవ్వరు అడగలె."

సేటు నవ్వు ఆగిపోయింది.

"అడుగుడు నా పని. తప్పు నాది చెల్లె" అన్నాడు వలీ. "ఇప్పుడు అడుగుతున్న. ఏ పేరు వెయ్యాలె?"

"సరస్వతి. గంతే. ఎవ్వరి భార్య అని వద్దు." గొంతు తగ్గించి అంది, "మా అమ్మకు సదువు రాదు. అచ్చుల నా పేరు వేలు పెట్టి జూపియ్యాలని ఉన్నది."

నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోవడం దేనికి? కొత్త పత్రం సేటే లోపలికి తీసుకెళ్లి, ఆమె చదివి సంతకం పెట్టేదాకా దీపం పట్టుకుని నిలబడ్డాడు.

అయితే ఫారం మళ్లీ కొట్టడానికి కాగితమేదీ? యుద్ధం రోజుల్లో కాగితం దొరకడమే గగనం. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో వేస్తే సరిపోతుందన్నాడు వకీలు.

"ఆఖరి పేజీ ఎవలు జూస్తరు సాబ్? తప్పు ఏడ వడ్డదో గాడనే దిద్దాలె" అన్నాడు వలీ. వకీలు ముందు అతను గొంతు పెంచడం అదొక్కసారే.

ప్రెస్సులో కోసి పారేసిన కాగితపు అంచులు ఏరుకొచ్చాడు. వాటి మీద సరస్వతి, సరస్వతి అని వరసగా అచ్చు వేయించి, చీటీలుగా కత్తిరించాడు. వాటిని శ్రీనివాస్ అన్న పేరు మీద అతికించడానికి మైదాపిండి జిగురుతో గ్రంథాలయంలో కూర్చున్నాం. రెండో రోజు మధ్యాహ్నం సేటు దుకాణం మూసి వచ్చాడు. "నా పేరు మీద అతికించేది నేనే గావాలె" అని చొక్కా చేతులు మడిచాడు. మొదటి పది వంకరగా పెట్టాడు. వలీ పీకి మళ్లీ పెట్టించాడు. తర్వాత సేటుకు ఎంత సరదా పుట్టిందంటే, నన్ను జిగురు దగ్గరికి కూడా రానివ్వలేదు.

ముఖపత్రం, విషయసూచిక ప్రెస్సులో చివర కొడతారు. ఈసారి వలీ దేన్నీ ఊహకు వదిలిపెట్టలేదు. వాటి ప్రూఫు పద్నాలుగు మందికీ పంపి, తమ పేరు సరిగా ఉన్నదీ లేనిదీ రాయమన్నాడు. పదమూడు మంది సరే అని పంపారు. సరస్వతమ్మ ప్రూఫుతో ఒక చీటీ వచ్చింది. వలీ చదివి నా చేతికిచ్చాడు.

"సందేహం. పుస్తకం కూర్చినవారి పేరు ఎక్కడా లేదు. ఏ పేరు వెయ్యాలె? ఎవ్వరు అడగలేదేమో, నేను అడుగుతున్న."

మేమెవ్వరం అడగలేదు. వకీలూ అడగలేదు, తాళంచెవులున్న నేనూ అడగలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వలీ నల్లటి వేళ్లతో కలం పట్టుకున్నాడు. అదే చీటీ మీద, జవాబు రాయాల్సిన చోట, మెల్లగా "వలీ" అని రాసి, ఆ కాగితాన్ని ప్రెస్సుకు ఇచ్చి రమ్మని నన్ను పంపాడు.

ఆ రోజు చేతులు కడుక్కోమని నేను అనలేదు.