మెచ్చుకోలు మోసిన రజియా

హన్మకొండలోని ఆ నర్సింగ్ హోంలో భారతి సిస్టర్ పేరు చెబితే గ్లూకోజు సీసా కూడా నిటారుగా నిలబడుతుందనేవారు. నోరు పెద్దది, మనసు మెత్తనిది. కాజీపేటలో రైల్వే గ్యాంగు మేస్త్రీ కూతురు. పదిమందిచేత పని చేయించడం తండ్రి దగ్గరే చూసింది గాని, చేయించడం ఎంత కష్టమో మాత్రం హెడ్ నర్సు అయ్యాకే తెలిసింది.

ఆ కష్టం పేరు ఆదివారం. వారమంతా కోతలు జరిగిన ఆపరేషన్ గదిని ఆ రోజే గోడలు మొదలు బల్ల కాళ్ల దాకా సబ్బుతో తోమి, కార్బాలిక్ నీళ్లతో తుడవాలి. చివర బేసిన్లో పర్మాంగనేటు పోసి, దాని మీద ఫార్మలిన్ కుమ్మరించి, క్రిములను చంపే ఘాటు పొగ లేచేలోపే ఒక్క ఉరుకున బయటికొచ్చి తలుపు సందులకు కాగితాలు అతికించాలి. ఉరకడం జర ఆలస్యమైతే కళ్లు నిప్పులే. ఆదివారం కూర వండుకునే వేళ ఈ పని ఎవరికి ప్రియం?

అందుకే అది ఎప్పుడూ ఆయా రజియా నెత్తినే పడేది. ఆమెకు శుక్రవారం సెలవు గదా, ఆదివారంతో ఏం పని అనేది అందరి లెక్క. భారతికి అందులో తప్పు తోచలేదు. పైగా నర్సుల గదిలోని నల్లబల్ల మీద ప్రతి వారం ముచ్చటగా రాసేది: "ఆదివారం గది కడగడం రజియా. ఆమె కడిగితే గది అద్దమే. ఆమె చేతికి మన అందరి దండాలు." రాసి మురిసిపోయేది.

ఒక గురువారం అలాగే సుద్దముక్క పట్టుకుంటే, వెనక నిలబడ్డ రజియా మెల్లగా అన్నది.

"నన్ను మెచ్చుకోకున్రి సిస్టరమ్మా."

"అదేందే? మంచి మాటే గద?"

"మంచిగ కడుగుతదని మీరే రాస్తే ఇంకెవలు కడుగుతరు? నా బిడ్డ నెక్కొండల మా అమ్మ హలీమాబీ తాన ఉంటది. శుక్రవారం నేను పోయేసరికి అది బడికి పోతది, బడి విడిచేసరికి నాకు రైలు వేళయితది. ఆదివారం దానికి సెలవు, నాకు ఈ గది. మొన్న పోతే నన్ను చూసి అమ్మమ్మ కొంగు వెనక దాసుకున్నది."

భారతి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కోపం తన మీదే. దున్నే ఎద్దునే పొడుస్తారంటారు, తను పొడిచి మెడకు పూలదండ కూడా వేసింది.

ఆమె నేరుగా డాక్టరు గారి దగ్గరికి పోయి, ఆదివారం వచ్చినవాళ్లకు ఆ వారంలో అడిగిన రోజు సెలవు ఇవ్వాలని ఒప్పించి వచ్చింది. తర్వాత నల్లబల్ల శుభ్రంగా తుడిచి, అక్షరం అక్షరం ఆలోచించి రాసింది.

"ఆదివారం పని ఎవరికీ ఇష్టం లేదు, నాకు కూడా. కాని సోమవారం బల్లెక్కే మనిషి గాయం చీము పట్టొద్దంటే అది ఆగదు. ఇన్నాళ్లూ దాన్ని రజియా ఒక్కతే మోసింది. ఆమె చేసిందని మనం హాయిగా ఉన్నాం. అందుకే ఇక నుంచి వంతులు. ఈ వారం భారతి, కొమురెల్లి. వచ్చే వారం సుగుణ, రాజక్క. ఈ రెండు వారాలు రజియాకు ఆదివారమే సెలవు. మూడో వారం ఆమె వంతు, తోడుగా మనలో ఒకరు. తర్వాత మళ్లీ మొదటి నుంచి. ఆదివారం వచ్చినవాళ్లకు అడిగిన రోజు సెలవు. కుదరకపోతే మీలో మీరు మార్చుకొని నాకు ముందే చెప్పండి."

కొత్త నర్సు సుగుణ మూతి ముడిచింది. పాత ఆయా రాజక్క మోకాళ్లు పట్టుకుని, "నాతోని నిచ్చెన ఎక్కుడు అయితదా బిడ్డా?" అన్నది.

"నువ్వు కింద బల్ల తుడువు, అత్తా. పైన సుగుణ చూసుకుంటది. ముందు నా పేరున్నది, చదివినవా?"

చదివింది. రాజక్క మోకాళ్లు వదిలి, తన ఆదివారం ఎన్ని రోజులకొస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆదివారం భారతి కొంగు బిగించి గోడలు తోమింది. వార్డుబాయి కొమురెల్లి ఆపుకోలేక నవ్వాడు. ఫార్మలిన్ పోసి ఉరకడంలో ఆమె ఒక్క అడుగు వెనకబడింది. సాయంత్రం దాకా కళ్లు కారుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లు రజియా సోమవారాల్లో ఎర్రకళ్లతో వస్తే నిద్ర చాలలేదేమోనని తను అనుకున్నది గుర్తొచ్చి, ఆ కారుతున్న నీళ్లలో కొన్ని ఫార్మలిన్‌వి కావని ఆమెకే తెలిసింది.

రెండు ఆదివారాలు గడిచాయి. సోమవారం రజియా వచ్చింది. నెక్కొండ రైల్లో నిలబడి వచ్చినా ముఖం తేటగా ఉంది. బిడ్డ పెట్టిందట, రెండు చేతులకూ గోరింటాకు వంకరటింకరగా పండింది.

ఏమీ అడగకముందే రజియా సుద్దముక్క తీసుకుని, కూడబలుక్కుంటూ వచ్చే ఆదివారం పక్కన తన పేరు తానే రాసుకుంది.

"అద్దమే అని రాయనా?" అన్నది భారతి, ఉడికిస్తూ.

"వద్దు సిస్టరమ్మా. ఇప్పుడిది నా వంతు. ఉత్త పేరు చాలు."