నాయన చేసిన స్టాండు

మా నాయన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డరు. ఆదివారం చర్చిలో నేను నిలబడి కీబోర్డు వాయిస్తానని, నా నడుము ఎత్తు కొలిచి ఇనప స్టాండు చేసిచ్చాడు. దాన్నే వారమంతా ఇంట్లో పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాయించేదాన్ని. నిలబడితే సరిపోయే ఎత్తు కూర్చుంటే సరిపోదన్న ఇంగితం నాకుంటేనా!

కడపలో ఒక స్కూల్లో పియానో టీచరు ఉద్యోగం ఖాళీ పడింది. పది రోజుల్లో వాయించి చూపించాలి. అంత మంచి అవకాశం మళ్లీ రాదని రోజుకు ఆరు గంటలు వాయించడం మొదలుపెట్టాను. మీటలు నా మోచేతులకన్నా బాగా పైన ఉండేవి. వాటిని అందుకోవడానికి భుజాలు చెవుల దాకా లేచేవి, మణికట్లు కిందికి జారి వేలాడేవి. మూడో రోజుకు కుడి భుజం మండిపోయింది. ఐదో రోజు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కాయి.

"నాయనా, చెయ్యి శానా నొప్పిగా ఉండాది" అన్నాను.

"పని ఎక్కువైతే అట్లే ఉంటాదిలేమ్మా. ఇడవకుండా వాయించు, సర్దుకుంటాది" అని తనే నూనె రాశాడు.

మొండిదాన్ని కదా, ఇంకో గంట కలిపాను. ఎనిమిదో రోజు చేతిలో చెంచా నిలవలేదు. కడపలో ఫిజియోథెరపీ చేసే ఆమె దగ్గరికి పరుగెత్తాను. ఆమె తన బల్ల ముందు కూర్చోబెట్టి, ఎట్లా వాయిస్తానో చూపించమంది.

"అయ్యో తల్లీ! మోచేయి మీటలంత ఎత్తులో ఉండాల. మణికట్టు తిన్నగా, భుజాలు వదులుగా, పాదాలు నేలకానించి. అరగంటకోసారి లేయాల. నొప్పొస్తే ఆపాల, ఎక్కువ చేస్తారా ఎవరైనా? మూడు వారాలు ముట్టుకోవద్దు."

"ఎల్లుండే ఇంటర్వ్యూ అక్కా! ఆ ఒక్కరోజు వాయించనీ, నీ కాళ్లు పట్టుకుంటా."

"వాయిస్తే నరం ఇంకా దెబ్బ తింటాది. ఆ తర్వాత ఉద్యోగమొచ్చినా ఏం చేస్తావు?"

బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. వచ్చీ రాగానే కుర్చీలో రెండు దిండ్లేసి కూర్చున్నాను. మోచేతులు సరిపోయాయి, కాళ్లేమో గాల్లో. అయినా వాయించబోయాను. రెండు వరుసలకే వేళ్లు మొద్దుబారాయి. స్కూలుకు ఫోన్ చేసి, చెయ్యి నొప్పి, రాలేనంటే "పర్లేదమ్మా, ఇంకా చాలామంది ఉన్నారు" అన్నారు. నా గతి ఇంతేనని నేల మీదే కూలబడ్డాను.

సాయంత్రం నాయనకు అంతా చెప్పాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున సెలవు పెట్టి, గ్రైండరుతో స్టాండు కాళ్లన్నీ కురచగా కోశాడు. నన్ను కూర్చోబెట్టి, మోచేయికీ మీటలకీ మధ్య స్కేలు ఆనించి చూశాడు.

"దినామూ నీ ఎదురుగానే కూచోని నీ వాయింపు ఇంటాంటి గదమ్మా. భుజాలట్ల ఎత్తుతాంటే, కూతురు షోకుగా వాయిస్తాందనుకుంటి." స్కేలు పక్కన పెట్టాడు. "ఇప్పుడు సరిపోయిందా?"

గడియారంలో పదకొండైంది. కడపలో నన్ను పిలవాల్సిన వేళ. చేతులు ఒళ్లోనే పెట్టుకుని, "సరిపోయింది నాయనా" అన్నాను.