నెల తేడా

జాల్ దుబాష్ కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు నవ్‌సారీలో లేరు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులోనూ చెప్పు సగం తొడుక్కునే వీధిలో పడతాడు, వేళ్ల మీద తేదీలు లెక్కపెడతాడు. అతను పార్సీల్లో కద్మీ శాఖవాడు. మొన్న చలికాలంలో పోయిన భార్య పీరోజా షహెన్‌షాహీ. రెండు శాఖలకూ ఏడాదంటే మూడు వందల అరవై అయిదు రోజులే, లీపు రోజు లేదు. అందుకే కొత్త సంవత్సరం నాలుగేళ్లకొక రోజు ముందే వచ్చేస్తుంది. ఎప్పుడో ఇక్కడి పెద్దలు ఆ లోటు పూడ్చడానికి ఒక్కసారి ఒక నెల కలిపారు, ఇరాన్‌లో ఉండిపోయిన వాళ్ల మతంవాళ్లు కలపలేదు. ఇరాన్ లెక్క పట్టుకున్న కద్మీలకు 2024లో పండుగ జూలై పదహారున వస్తే, షహెన్‌షాహీలకు ఆగస్టు పదిహేనున వచ్చింది. పండుగకు ముందు పది రోజులు, పోయినవారు అగ్ని ఆలయంలో తమ పేరిట పూలు పెట్టిన వెండి కూజాల దగ్గరకు దిగివస్తారని నమ్మకం.

ఆగస్టు అయిదున పీరోజా కూజా ముందు జాల్ పూజారి కేర్సాస్ప్‌ను పట్టుకున్నాడు.

"నేను పోయాక జూలైలో దిగుతాను, ఆవిడ ఆగస్టులో. ఎన్నేళ్లకు కలుస్తాం?"

"రెండు లెక్కలూ ఒకేలా జరుగుతాయి కాకా, ఆ నెల తగ్గదు. ఇద్దరూ మూడో శాఖలో, ఫస్లీల్లో చేరిపోండి. వాళ్లు లీపు రోజు కలుపుకుంటారు, వాళ్ల పండుగ మార్చి ఇరవై ఒకటి నుంచి కదలదు."

"చచ్చినావిడ శాఖ మార్చుకుంటుందా? నా పేరు ఆవిడ పక్కన రాయి."

"ముందు పోవాలి కదా కాకా," అంటూనే కేర్సాస్ప్ ఆగస్టులో పిలిచే పోయినవారి పేర్ల పుస్తకంలో ఆ పేరు రాశాడు.

జాల్ గుమ్మం దాకా వెళ్లి, చెప్పు తొడుక్కోబోయి ఆగాడు.

"మరి జూలైలో మా నాన్న నాకోసం వెతుక్కోడూ?"