పన్నెండు నాలికల పేటెంటు

మా నాయన చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు పక్కన బల్ల వేసుకుని ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినాడు. నేను తిరుపతిలో పేటెంటు దరఖాస్తులు రాస్తాను. నాయన భూమికి హద్దులు రాస్తే నేను ఆలోచనకు హద్దులు రాస్తానని కనపడిన వాళ్ళకంతా గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్పే ఒక మంచి మనిషిని ముంచింది. ఇప్పుడు ఎవరైనా ఆ పోలిక ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయనది పూతలపట్టు దగ్గర పల్లె. యాభై దాటినాయి. బోరు మోటార్లు బాగు చేస్తాడు, సీజన్లో ఇంటిల్లిపాదీ చింతపండు కొడతారు. కొట్టడమంటే రాతిమీద పెట్టి సుత్తితో గింజ ఊడేదాకా బాదడం. ఆయన భార్య ఎడమ బొటనవేలి గోరు అట్లా బాదుకునే పోయిందంట, మళ్ళీ మొలవలేదు. ఆ వేలు చూడలేక రెండేళ్ళు కూర్చుని గింజ తీసే మిషను చేసినాడు. సెల్‌ఫోన్లో వీడియో చూపించినాడు. రబ్బరు తొడిగిన ఉరుళి, అంటే రోలరు, ఒకటి తిరుగుతా ఉంటుంది. దానికి ఎదురుగా ఒక కడ్డీకి పన్నెండు ఇనప ముక్కలు వరసగా వేలాడతా ఉంటాయి. ఒక్కోటీ దేనికదే ఊగుతుంది. గింజ తగిలిన చోట ఆ ముక్క ఒక్కటే పైకి లేచి కండను చీల్చి గింజను కింద పడేస్తుంది, పండు నలగదు. ఆ ముక్కల్ని ఆయన నాలికలు అంటాడు.

"అబ్బా, ఎంత పని చేసినావన్నా!" అనేసినాను. ఊరికే అనలేదు, నిజంగా ముచ్చటేసింది.

ఆయనకు తెలుగు తప్ప ఇంకో భాష చదవను రాదు. తెలుగు మాత్రం పేపరు మొదటి అక్షరం నుంచి ప్రకటనల దాకా వదలడు. పేటెంటు దరఖాస్తేమో ఇంగ్లీషులో అయినా ఇయ్యాల, హిందీలో అయినా ఇయ్యాల. తెలుగులో ఇస్తే తీసుకోరు. "మా బాసలో తీసుకోరంటే ఇది మా దేశం ఆఫీసేనా మ్మా?" అని అడిగినాడు. నేను నవ్వేసినాను.

ముందు మిషను వివరంతో తాత్కాలిక దరఖాస్తు వేసినాను, తేదీ మనదవుతుందని. అక్కడి నుంచి ఏడాదిలోగా క్లెయిములతో పూర్తి దరఖాస్తు వేయాల. ఆ ఏడాదిలో నాలుగైదు సార్లు వచ్చినాడు. వచ్చినప్పుడల్లా ఒక మాట నేర్పించినాను.

ప్రయర్ ఆర్ట్ అంటే, నీ తేదీ కంటే ముందే లోకంలో యాడైనా సరే ఎవరైనా చేసి చూపించిందీ, రాసి అచ్చు వేసిందీ అని చెప్పినాను.

"మా ఊర్లో ఎవురూ సేయలేదు."

"మీ ఊరు కాదన్నా. జపాన్లో ఎవడో రాసి పెట్టింటే అదీ లెక్కే. ఆఖరికి నువ్వే ముందుగా పదిమందిలో తిప్పి చూపించింటే అది కూడా నీకే అడ్డం పడుతుంది. చూపించినావా?"

"మా ఇంటిదానికి తప్ప ఎవురికీ సూపించలేదు. గోనెసంచి కప్పి పెట్టినా."

వెతికితే ఒక పాత పేటెంటు దొరికింది. రెండు ఉరుళ్ళు, వాటి మీద కదలని ముళ్ళు. బొమ్మ చూపిస్తే ఆయన మొహం మాడిపోయింది. నాలికలు దేనికవి ఊగడం దీంట్లో లేదు, అదే నీ సొత్తు అని చెబితే గానీ మంచినీళ్ళు తాగలేదు.

ఇంక క్లెయిం, ఎంబాడిమెంట్. ఈడ నా తెలివి ఉపయోగించినాను. నాయన రాసిన ఒక దస్తావేజు నకలు బీరువాలో ఉంటే తీసి చెక్కుబందీ చూపించినాను. తూర్పున ఫలానా వాళ్ళ చేను, పడమర బాట, ఆ నాలుగు హద్దులు.

"క్లెయిం అంటే ఇదే అన్నా. ఈ లోపల అడుగు పెట్టినోడు నీ సొత్తులోకి వచ్చినట్టు. నువ్వు చేసిన మిషను ఆ స్థలంలో నువ్వు కట్టుకున్న ఇల్లు. దాన్ని ఎంబాడిమెంట్ అంటారు. ఇట్లా కూడా కట్టుకోవచ్చు అని చూపించడానికి ఒక ఇల్లు. దాని కొలతలన్నీ వివరంలో రాస్తాము. హద్దులు మాత్రం స్థలానికే రాస్తాము."

ఆయన కళ్ళు మెరిసినాయి. అంతా అర్థమైపోయిందని తలాడించినాడు. నాకూ ఎంత సంతోషమో! ఇంగ్లీషులో ఇంజనీర్లకు గంట సేపు చెప్పినా ఎక్కనిది ఈయనకు అయిదు నిముషాల్లో ఎక్కించినానని లోపల్లోపల మురిసిపోయినాను.

మొదటి క్లెయిం పొట్టిగా రాసినాను. తిరిగే ఉరుళి, దానికి ఎదురుగా కడ్డీకి వేలాడే కొన్ని నాలికలు, ఒక్కోటీ దేనికదే ఊగాల. అంతే. ఉరుళికి ఏ రబ్బరు, నాలికలు ఎన్ని అనేవి తర్వాతి క్లెయిముల్లో పెట్టినాను. తెలుగులో కూడా రాసి ఇచ్చినాను, ఇంటికి తీసుకుపోయి చదువుకోమని.

గడువు ఇంక నాలుగు రోజులుందనగా వచ్చినాడు. నేనిచ్చిన కాయితం మీద ఎర్ర పెన్నుతో మాటలు చేర్చుకొని వచ్చినాడు. 'కొన్ని నాలికలు' కొట్టేసి 'పన్నెండు నాలికలు' అని రాసినాడు. ఉరుళికి 'ట్రాక్టరు ట్యూబు రబ్బరు తొడుగు' అని రాసినాడు.

"ఇవి మొదటి దాంట్లో వద్దన్నా," అన్నాను.

"ఎందుకొద్దు? మా నాయన కొన్న చేను దస్తావేజులో కొలత ఎయ్యకుండా 'గట్టు వరకు' అని వదులుగా రాసినారు. పక్కోడు గట్టు జరిపి జరిపి మూడు సాళ్ళు తినేసినాడు. కోర్టులో అడిగితే గట్టు యాడుంటే ఆడికే నీదన్నారు. 'కొన్ని' అంటే ఎన్ని మ్మా? అట్లా వదులుగా రాస్తే నా గతేంది?"

"ఇది భూమి కాదు. ఈడ మాట చేర్చే కొద్దీ హద్దు బిగుసుకోదు, స్థలమే చిన్నదవుతుంది. పన్నెండు అని రాస్తే అంతకంటే తక్కువ పెట్టినోడు తప్పించుకుంటాడు."

"హద్దులే గదా అని నువ్వే సెప్పితివి! హద్దు గట్టిగా రాసుకుంటే స్థలం యాడికి పోతుంది?"

ఏమాటకామాట చెప్పాల, ఆయన అడిగింది న్యాయమే. నేను చూపించిన కాయితాన్ని పట్టుకునే అడిగినాడు. రెండు గంటలు చెప్పినాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన ఒకటే మాట మీద ఉన్నాడు, మొదటి దాంట్లో ఉంటేనే లెక్క, ఎనకాల రాసింది ఎవురు సదువుతారని. ఇంకో ఇద్దరు క్లయింట్లు బయట కూర్చోనుండారు. నాకు కోపం తన్నుకొచ్చింది.

"సరే, నీ ఇష్టం. తర్వాత నన్నడగొద్దు," అని ఆయన చెప్పినట్టే మార్చి పంపించినాను.

ఆయన పోయేటప్పుడు చేతులు జోడించి, దారిలో సంతలో కొన్న ఇన్ని నేరేడు పండ్లు బల్లమీద పెట్టి పోయినాడు.

చెన్నై నుంచి పరీక్ష రిపోర్టు వచ్చినప్పుడు దాంట్లో నేను వెతికిన ఆ ముళ్ళ ఉరుళ్ళ పేటెంటే చూపించినారు. ఊగే నాలికలు అందులో లేవని జవాబు రాసినాను. కొన్నాళ్ళకు పేటెంటు మంజూరైంది. ఆయన ఆ పత్రానికి పటం కట్టించుకున్నాడని విన్నాను. నేనూ మరిచిపోయినాను.

మొన్న చింతపండు సీజన్ మొదట్లో, పొద్దున తలుపు తీస్తూనే వచ్చినాడు. మనిషి వగరుస్తా ఉన్నాడు. చిత్తూరులో ఒక షాపు వాళ్ళు అచ్చం ఈయన మిషనే చేసి అమ్ముతా ఉన్నారంట. ఈయన దగ్గర పది మిషన్లు చేయించుకుంటామన్న మండీ వాళ్ళు ఆడికే పోయినారంట. ఆ పది మిషన్లకని బ్యాంకులో ఇల్లు కుదువ పెట్టి లేతు మిషను కొన్నాడు. ఫోటోలు నా ముందర పెట్టినాడు.

"మన హద్దు లోపలికొచ్చేసినారు మ్మా. ఇంక నోటీసు ఇయ్యి."

ఫోటో పెద్దది చేసి చూసినాను. నాలికలు లెక్కపెట్టినాను. మళ్ళీ లెక్కపెట్టినాను. తొమ్మిది. వెడల్పుగా కొట్టించి తొమ్మిదితో సరిపెట్టినారు. ఉరుళికి ట్యూబు రబ్బరు లేదు, తెల్లటి సిలికాన్ తొడుగు. వాళ్ళు పేటెంటు తెప్పించుకుని చదివే చేసినారు. అది అందరూ చూసేలా అచ్చవుతుంది కదా.

మొదటి క్లెయింలో ఉన్నవన్నీ వాళ్ళ మిషన్లో ఉంటేనే అది మన లోపలికి వచ్చినట్టు అన్నాను. పన్నెండు లేవు, ట్యూబు లేదు అన్నాను.

"అయితే ఆ రెండు మాటలూ కొట్టేయ్ మ్మా."

"కొట్టేయడానికి లేదన్నా. ఉన్న హద్దును కుదించుకోనిస్తారు గానీ పెంచుకోనియ్యరు."

"కొత్తగా ఇంకో దరఖాస్తు ఏస్తాం."

"నీ పాత దరఖాస్తు అచ్చయిపోయింది. ఇప్పుడు నీకు అదే ప్రయర్ ఆర్ట్."

ఆయనెదురుగానే చిత్తూరులో తెలిసిన ఒక వకీలుకు ఫోన్ చేసినాను. చిన్న తేడాలేనని కోర్టులో వాదించి చూడొచ్చు, కానీ సంఖ్య మీరే వేసుకుని ఇప్పుడు అది ముఖ్యం కాదంటే జడ్జి ఒప్పుకుంటాడో లేదో, ఏళ్ళు పడుతుంది అన్నాడు. స్పీకర్లో ఆయనా విన్నాడు.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఫైలు తీయమన్నాడు, తానేం చేసినాడో ఒకసారి చూసుకుంటానని.

ఫైలు తెరిస్తే అన్నిటికన్నా పైన ఒక ఉత్తరముంది. ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ రోజు కోపంలో నేను ఇంకో పని కూడా చేసినాను. దరఖాస్తు కాయితాలతో పాటు ఒక ఉత్తరం మీద ఆయనతో సంతకం పెట్టించుకున్నాను. రేపు నా మీదికి రాకుండా అందరు ఏజెంట్లూ చేసే పనే. ఇంగ్లీషులో ఆరు వాక్యాలు. నేను చూపించిన చోటల్లా ఆయన సంతకం పెట్టినాడు.

"ఇదేం కాయితం? నా సంతకముండాదే!"

దాచేద్దామనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ చదివినాను, ఒక్కో వాక్యం తెలుగులో. ఈ మాటలు చేర్చడం నా సలహాకు విరుద్ధం. చేర్చితే ఎవరైనా సంఖ్య మార్చి, రబ్బరు మార్చి ఇదే మిషను చేసుకోగలరు. అప్పుడు అడ్డుకునే హక్కు ఉండకపోవచ్చు. తర్వాత సరిదిద్దడానికి వీలుండదు. ఇవన్నీ తెలిసే క్లయింటు చేర్చమంటున్నాడు. దీనికి ఏజెంటు బాధ్యత లేదు.

రెండు గంటల్లో నేను చెప్పలేకపోయింది ఆ ఆరు వాక్యాల్లో ఎంత విడమరిచి ఉందో, చదువుతా ఉంటే నాకే తెలిసింది. దాంట్లో చేను లేదు, ఇల్లు లేదు, ఏ పోలికా లేదు.

ఆయన ఉత్తరం చేతిలోకి తీసుకుని, తనకు రాని ఆ అక్షరాలనే కాసేపు చూసినాడు.

"ఇంత బాగా రాసినావే మ్మా," అన్నాడు. "ఇది ఒక్కటి తెలుగులో రాసింటే, నేనే సదువుకొనుందును గదా."