సంత వంతు

"పని చేసినోళ్ళకే వాటా. చెయ్యనోళ్ళకి లేదు. ఇందులో మళ్ళీ మాటలేంటి?" అన్నాను నేను.

"మాటలు కాక ఏముంది అత్తా? ఉబ్బసం నేనేమన్నా సంతలో కొనుక్కొచ్చుకున్నానా? ఈ మిరపకాయల కాడ కూచుని కూచునే కదా వచ్చింది!" అంది మా వెనకింటావిడ. అంటూనే దగ్గింది.

"దగ్గితే దగ్గు. దగ్గుకి వాటా ఇచ్చే సంఘం ఎక్కడా లేదు."

"సూదేసే డాక్టరన్నా కాస్త మెత్తగా చెప్తాడత్తా, నీకంటే!"

నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు.

మా పొదుపు సంఘంలో పన్నెండు మందిమి. కొన్నేళ్ళు ఊరికే పొదుపు కట్టుకున్నాం. తర్వాత బ్యాంకు వాళ్ళు అప్పిస్తే కారం వ్యాపారం మొదలుపెట్టాం. పొగాకు ఆరబెట్టడం మానేసిన బ్యారన్ కొట్టమొకటి ఊరి చివర ఖాళీగా ఉంటే అద్దెకు తీసుకున్నాం. మిరపకాయలు కొని, తొడిమలు, అదే ముచ్చికలు, తీసి, తెల్లబడ్డ తాలు కాయలు ఏరి, మర పట్టించి, జల్లించి, పాకెట్లు కట్టి, కొంత విడిగానూ సంతలో అమ్మడం మా పని. ఆరు నెలలకు అప్పు వాయిదాలు పోను కొంత లాభం మిగిలింది. దాన్ని ఎట్లా పంచాలన్నదే ఆనాటి గొడవ. వెనకింటావిడ నెలకు పైగా పనికి రాలేదు. ఆమెకు వాటా ఉండకూడదన్నాను.

నాకు ఆమె మీద కోపమేమీ లేదు. రెండేళ్ళ కిందట పత్తి దెబ్బతిని ఎకరన్నర పొలం అమ్ముకున్నాం. అప్పటినుంచి నాకు ఎవరి మీదా కోపం రావడం లేదు, జాలీ రావడం లేదు. లెక్క ఒక్కటే మిగిలింది. రూపాయి అంటే రూపాయి.

"సరే అత్తా," అంది వెనకింటావిడ, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "నీ మాటే కానీ. పని చేసినోళ్ళకే వాటా. మరి నువ్వెన్నాళ్ళు కూచున్నావు ముచ్చికలు తీస్తా?"

"మా ఇంట్లోంచి ఒక మనిషి రోజూ వస్తానే ఉంది."

"వచ్చేది నీ కోడలు. పుస్తకంలో ఉండేది నీ పేరు. సంతకం నీది, వాటా నీది, చేతుల మంట ఆ పిల్లది!"

బ్యారన్ వాకిట్లో గోనెపట్టా మీద నా కోడలు కాయల గుట్ట ముందు కూర్చుని ఉంది. సభ్యురాలు కాదు కనుక మీటింగులోకి రాదు. మేం మాట్లాడేదంతా ఆమెకు వినబడుతూనే ఉంది. ఒక్కో కాయ ముచ్చిక తుంచుతోంది, పక్కన పడేస్తోంది. తలెత్తలేదు.

మా సంఘంలో పనులు వంతులవారీ. వారం ముచ్చికలు, వారం మర దగ్గర, వారం సంత. చీట్లు తీసి వంతులు వేసేవాళ్ళం. ముచ్చికలు అందరికంటే కష్టం. సాయంత్రానికి చేతులు మండి, నూనె రాసుకున్నా అన్నం కలుపుకోలేరు. సంతలో గొడుగు కింద కూర్చుని తూచి ఇవ్వడం తేలిక. నాకు సంత వంతు వస్తే నేను పోయేదాన్ని. ముచ్చికల వంతు వస్తే కోడలిని పంపేదాన్ని. అది తప్పని నాకు తోచలేదు. మా అత్త నాతో చేయించింది, నేను నా కోడలితో చేయిస్తున్నాను. ఇంట్లో పద్ధతే ఇక్కడా అనుకున్నాను.

"అయితే అందరికీ సమానంగా పంచెయ్యండి," అన్నాను. అట్లా అయితే నా వాటా నాకు ఉంటుంది.

"అదేంటి పెద్దమ్మా, ఇందాక ఒకటి, ఇప్పుడొకటి?" అంది మా లీడరు. టైలరింగ్ చేసుకునే మనిషి, పది పాసయింది. "అందరికీ సమానమంటే రోజూ వచ్చి కష్టపడేవాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోం," అన్నారు ఇద్దరు ముగ్గురు.

లీడరు పుస్తకం మూల పెన్నుతో లెక్క వేసుకుంది. తర్వాత అంది: "అప్పుకి పన్నెండు మందిమీ పూచీ. ఉబ్బసం వచ్చినా, రాకపోయినా ఆమె కూడా పూచీనే. అందుకని లాభంలో సగం అందరికీ సమానంగా ఇద్దాం. మిగతా సగం ఎవరు ఎన్ని రోజులు పనిచేస్తే అంత. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి. వెనకింటావిడకు ఇకమీదట ముచ్చికల దగ్గర కాక, ఇంట్లోనే కూర్చుని, ఖాళీ పాకెట్లకు చీటీలు అతికించే పని ఇద్దామని కూడా అనుకున్నారు. ఆమె ఏడ్చింది. ఏడవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

"మరి పెద్దమ్మ ఇంటి రోజులు?" అని ఎవరో అడిగారు.

"అమ్మాయిని పిలవండి," అంది లీడరు.

కోడలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నీ పనిరోజుల డబ్బు నీ చేతికే ఇస్తామమ్మాయ్. ఏమంటావ్?"

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"డబ్బు అత్తయ్యకిచ్చినా ఇంట్లోకేగా అండీ," అంది. "నాకు సంత వంతు కావాలి. వంతులేసేటప్పుడు నన్ను కూడా కూచోబెట్టండి."

"అది సభ్యులకే," అన్నాను నేను.

"అవును," అంది లీడరు. "ఒకింటికి ఒకరే సభ్యురాలు. నువ్వు తప్పుకుంటే నీ పొదుపు నీకిచ్చేసి, ఆ పిల్లని చేర్చుకుంటాం. తీర్మానం రాసి బ్యాంకులో ఇస్తే సరిపోద్ది. ఉంటావో, తప్పుకుంటావో నీ ఇష్టం పెద్దమ్మా. మేం బలవంతం చెయ్యం."

"ఉంటే?"

"ఉంటే నీ పేరు మీద నువ్వే కూచోవాలి, ముచ్చికలకైనా సంతకైనా. ఇంకొకళ్ళని పంపేది లేదు."

"పొద్దున చెప్తా," అని లేచాను.

ఇంటికి వచ్చేదాకా కోడలు నా వెనక నాలుగడుగుల దూరంలో నడిచింది. వచ్చాక కుండలో నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కుంది. అన్నం నాకు వడ్డించి, తను చెంచాతో తింది. ఆమె చెంచాతో తినడం నేను అంతకుముందు చూశానో లేదో గుర్తు లేదు. చూసే ఉంటాను. నా కొడుకు ట్రాక్టరు బాడుగకు పోయి ఇంకా రాలేదు. ఏం జరిగిందని అడిగేవాళ్ళు లేరు.

నా పేరు నేను రాయగలను. రెండో తరగతి దాకా చదివాను. ఊళ్ళో నా పేరు నేను రాసేది ఆ సంఘం పుస్తకంలో ఒక్కచోటే. అది కొట్టేస్తే ఎట్లా ఉంటుందోనని ఆలోచించడానికి ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదు. ఎకరన్నర రిజిస్ట్రీ చేసిన రోజూ ఇంతే.

మర్నాడు దర్శి సంత. ఆ రోజుతో మొదలయ్యే వారం సంత వంతు మా ఇంటిది. తెల్లవారగానే నేను లీడరు ఇంటికి పోయాను. ఆమె మిషను మీద బట్ట పక్కకు జరిపి తీర్మానాల పుస్తకం తెరిచింది. నేను తప్పుకుంటున్నానని ఆమె రాసింది, కింద నేను సంతకం పెట్టాను. కోడలు పేరు రాయమన్నాను. రాసింది.

ఇంటికి వచ్చి తక్కెడ, తూకం రాళ్ళు, గొడుగు కోడలి ముందు పెట్టాను. బస్సు చార్జీ లెక్కపెట్టి ఇచ్చి, చిల్లర మిగిలితే తెమ్మన్నాను. కారం సంచి ఆమె తలకు ఎత్తాను. ఆమె బస్సుకు వెళ్ళింది.