ముప్పై ముందా, అరవై ముందా

ప్రశ్నపత్రాలు టైపు చేసే ఆ ప్రెస్సులో ఆయన్ని అందరూ మక్కీ బాబాయి అంటారు. ఇచ్చిన కాగితంలో ఏముంటే మక్కీకి మక్కీ అదే కొడతాడు కాబట్టి. ఇరవై రెండేళ్లలో తన తప్పని ఒక్క పత్రమూ తిరిగి రాలేదు. ఆయన ఆస్తీ, గర్వమూ అదే. లెక్కలు మాత్రం ముక్క రావు. సున్నాను చిన్నది చేసి పైకెత్తితే డిగ్రీ అవుతుందని తెలుసు, అంతకుమించి అక్కర్లేకపోయింది.

ఆ రోజు పదో తరగతి లెక్కల పేపరు చివరి కాగితం చిత్తుకాగితాల్లో కలిసిపోయి మిషన్ సిరా తుడవడానికి పోయింది. లెక్కా, దాని బొమ్మా రెండూ నల్లబడ్డాయి. లెక్కల మాస్టారేమో పరీక్ష డ్యూటీలో ఉన్నారు, ఫోన్ కట్టేశారు. మధ్యాహ్నం మూడింటికల్లా అచ్చు మొదలవ్వాలి. ప్రశ్నపత్రం గుట్టు కనక ఇంకెవరినీ అడగడానికి లేదు.

ఒక్కసారి చదివాడు కాబట్టి మాటలు గుర్తున్నాయి. ఒకడు టవరు కొన చూశాడు, టవరు వైపు నలభై మీటర్లు నడిచి మళ్లీ చూశాడు. ఊర్ధ్వకోణాలు ముప్పై, అరవై. ఏది ముందో గుర్తులేదు. చీటీ వేద్దామా అని కూడా అనుకున్నాడు పాపం.

చివరికి వీధిలోకి వెళ్లి, చివరనున్న నీళ్ల ట్యాంకు కొన చూస్తూ దాని వైపు నడిచాడు. నడిచేకొద్దీ మెడ పైకి లేస్తోంది. దగ్గరికి చేరేసరికి పట్టేసింది కూడా. అంటే పెద్ద కోణం దగ్గరది. ఇన్నేళ్లూ వందలసార్లు కొట్టిన ఊర్ధ్వకోణం అంటే ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసింది. పట్టరాని సంతోషం కలిగింది. వచ్చి బొమ్మ గీసి, దూరంగా ముప్పై, దగ్గర అరవై పెట్టాడు.

రెండున్నరకి మాస్టారు వచ్చి ప్రూఫు చూసి ముఖం ముడిచారు. తానే టైపు కొట్టి హెడ్మాస్టరుకి ఇచ్చిన నకలులో ముందు అరవై, తర్వాత ముప్పై అని ఉందట, తాను రాసిందీ అదేనట.

"మార్చమని నీకెవరు చెప్పారయ్యా?"

"దగ్గరికెళ్తే మెడ ఇంకా ఎత్తాలి కదండీ మాస్టారూ."

మాస్టారు ఆయన్నొకసారి చూసి, ప్రూఫు వెనక లెక్క వేశారు. తన అంకెలతో, నడిచాక టవరుకీ మనిషికీ మధ్య దూరం మైనస్ అరవై వచ్చింది. బాబాయి అంకెలతో వేస్తే ఎత్తు ఇరవై రూట్ మూడు, నిక్షేపంగా వచ్చింది. కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత ఏమీ జరగనట్టే నకలుకీ అచ్చుకీ తేడా ఎందుకొచ్చిందో హెడ్మాస్టరుకి చెప్పాలన్నారు. చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి, శుభ్రంగా టైపు చేసిమ్మన్నారు.

బాబాయి చదివాడు. తల దించుకుని కీబోర్డు ముందు కూర్చున్నాడు.

'నకలులోని కోణాలు టైపిస్టు పొరపాటు. నేను సరిచేశాను.'

మక్కీకి మక్కీ కొట్టాడు.