రెండో సాక్ష్యం

పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్‌లో చదువుకునే రోజుల్లో ఓ ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాను. తీరా చూస్తే కెమెరా లేదు, ఫోన్ లేదు. గంటసేపూ చాటింగే. ఇంగ్లీషులో నోరు తెరిస్తే తడబడే నాకు ఇంతకంటే ఏం కావాలి? నా మొహం చూడకుండానే, గొంతు వినకుండానే ఇంటి నుంచి చేసుకునే డేటా ఎంట్రీ ఉద్యోగం ఇచ్చేశారు.

ఆ ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. హోటల్లో గిన్నెలు కడిగే పని తప్పించి దేవుడు దారి చూపాడన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నర్సింగ్ చదివే ఓ అమ్మాయి బయట నన్ను పట్టుకుని, "అక్కా, ఆ ఉద్యోగం లింక్ నాక్కూడా పంపవా?" అంది. గొప్పగా పంపాను.

సోమవారం లాప్‌టాప్, ప్రింటర్ కొనుక్కోమని చెక్కు వచ్చింది. బ్యాంకులో వేశాను. వాళ్ళు చెప్పిన వెండర్ దగ్గరే కొనాలట, ఇవాళే కట్టకపోతే ట్రైనింగ్ పోతుందట. "ముందు నీ డబ్బు పంపు, చెక్కు నీ ఖాతాలో పడిందిగా" అని చాట్‌లో మేనేజర్ రాశాడు. నిజమే, బ్యాలెన్స్‌లో చెక్కు మొత్తం కనిపిస్తోంది. ఇంకా క్లియర్ కాలేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెద్ద అంకె ఒక్కటే చూశాను. సెమిస్టర్ ఫీజుకి దాచుకున్నదంతా వెండర్ ఖాతాకి పంపేశాను.

గురువారం చెక్కు తిరిగొచ్చింది. అది నకిలీదని, పంపిన డబ్బు కోసం అడిగి చూస్తాం గానీ ఆశ పెట్టుకోవద్దని బ్యాంకులో ఆవిడ చెప్పింది. చాట్‌లో నన్ను బ్లాక్ చేసేశారు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి అన్నం వండుకుని తిన్నాను. ఉప్పు వేశానో లేదో తెలియలేదు. నర్సింగ్ అమ్మాయికి పంపిన లింక్ సంగతి అసలు గుర్తే రాలేదు.

ఆదివారం ఆ అమ్మాయే వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నాకూ చెక్కొచ్చింది! మొన్న బ్యాంకులో వేశా. రేపు వెండర్‌కి పే చేసేస్తా. మనవాళ్ళలో ఇంకో ముగ్గురికి లింక్ ఫార్వర్డ్ చేశా."

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటే ఇదే. ఆమె చెవిలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ముగ్గురూ ఇంకెంతమందికి పంపారో ఎవరికి తెలుసు?

"సాక్ష్యాలు చెప్పేవాళ్ళున్నారా?" అని పాస్టర్ అయ్యగారు అడిగారు. లేచాను.

"పోయిన వారం నేను చెప్పిన ఉద్యోగం మోసం. చెక్కు చెల్లలేదు. నా ఫీజు డబ్బు పోయింది. ఆ లింక్ అందినవాళ్ళు ఒక్క డాలర్ కూడా పంపకండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక వరుసల్లో ఇద్దరు గబగబా ఫోన్లు తీశారు. నేను కూర్చున్నాను. మొహం పాలిపోయిన ఆ అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను.

"మరి నీ ఫీజు ఎలా కడతావక్కా?" అంది మెల్లగా.

నాలుగు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.